చిప్పు పేరు ఒకటే, వాట్లు వేరు: ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి భీమవరంలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడండి. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తాడు, సెలవుల్లో గేములు ఆడతాడు. రాజమండ్రి షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు చూపించారు. రెండింట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060, 8 జీబీయే. ఒకటి 82 వేలు, సన్నగా ఉంది, 120 వాట్ల ఛార్జర్. రెండోది లక్షా 4 వేలు, బరువు ఎక్కువ, ఇటుకంత 230 వాట్ల ఛార్జర్. షాపాయన “కార్డు ఒకటేనండి, బాడీ ఒక్కటే తేడా” అంటున్నాడు. అబ్బాయి రెండోదే కావాలంటున్నాడు. 22 వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలి? — పాలకొల్లు నుంచి ఒక తండ్రి

సమాధానం: షాపాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉందండి. రెండింట్లోనూ చిప్పు ఒకటే. లోపల లెక్కలు చేసే కోర్లు రెండింట్లోనూ 3072, మెమొరీ 8 జీబీ. కానీ ఆ చిప్పుకి ఎంత కరెంటు అందనివ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారు చేసినవాళ్ళు నిర్ణయిస్తారు. మీరు చూసిన రెండింటికీ తేడా అక్కడే ఉంది. మీ అబ్బాయి చేసే పనికి ఆ తేడా బాగా కనబడుతుంది. అలాగని లక్షా 4 వేలు పెట్టాల్సిందేనని కూడా నేను చెప్పను. ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి ఉంది, దాని సంగతికి కాసేపట్లో వస్తాను.

డెల్టాలో ఉండేవాళ్ళకి దీన్ని కాలువ లెక్కలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. రెండు పొలాలకి ఒకే కొలత తూములు పెట్టారనుకోండి. ఒకదాని తలుపు జానెడు ఎత్తారు, ఇంకోదాని తలుపు మొత్తం ఎత్తేశారు. తూము కొలత ఒకటే కదా అని రెండు చేలూ ఒకే పూట తడుస్తాయా? చిప్పు పేరు తూము కొలత లాంటిది. వాట్లు తలుపు ఎత్తిన ఎత్తు. అట్ట పెట్టె మీద పెద్దక్షరాలతో వేసేది మొదటిదే.

ఎన్‌విడియా కంపెనీ ఈ 4060 ల్యాప్‌టాప్ చిప్పుని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోవచ్చని తయారీదారులకు అనుమతి ఇచ్చింది. దీనిపైన డైనమిక్ బూస్ట్ పేరుతో ఇంకో 25 వాట్ల వరకు కలుపుకోవచ్చు. అంటే ఒకే పేరు కింద 35 వాట్లదీ అమ్మొచ్చు, 140 వాట్లదీ అమ్మొచ్చు. ఒకప్పుడు ఈ తేడా పేరులోనే కొంత తెలిసేది. తక్కువ కరెంటుతో నడిచే చిప్పు పేరు చివర మాక్స్-క్యూ అని ఉండేది. 2021లో 30 వరస చిప్పులు వచ్చినప్పుడు ఆ తోకని పేరులోంచి తీసేశారు. అప్పటినుంచి కొనేవాళ్ళే వాట్ల అంకె కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఇది కొనేవాళ్ళకి జరిగిన అన్యాయమే.

ఇప్పుడు ఆ వాట్లు వేగాన్ని ఎంత మారుస్తాయో చూద్దాం. ఈ చిప్పు బూస్ట్ వేగం కింది కొసన 1470 మెగాహెర్ట్జ్, పై కొసన 2370 మెగాహెర్ట్జ్ అని ఎన్‌విడియాయే ప్రకటించింది. ఒక మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి పది లక్షల టిక్కులు, ఒక్కో కోరు ఒక్కో టిక్కుకి రెండు లెక్కలు చేస్తుంది. 3072 కోర్లని 2తో హెచ్చవేసి, దాన్ని 1470 మెగాహెర్ట్జ్ టిక్కులతో హెచ్చవేస్తే సెకనుకి సుమారు 9 లక్షల కోట్ల లెక్కలు వస్తాయి. 2370తో హెచ్చవేస్తే సుమారు 14.6 లక్షల కోట్లు. ఒకే పేరున్న చిప్పులో కాగితం మీదే ఒకటికి ఒకటిన్నర రెట్ల పైచిలుకు తేడా. గేములో సరిగ్గా ఇంతే తేడా వస్తుందని కాదు, ఎందుకంటే అక్కడ మెమొరీ, ప్రాసెసర్ కూడా అడ్డం పడతాయి. బ్లెండర్‌లో బొమ్మని చివరి చిత్రంగా గీయించే రెండరింగ్ మాత్రం దాదాపు పూర్తిగా ఈ లెక్కల మీదే నడుస్తుంది. గంటలో అయ్యే పని గంటన్నరకు పాకేది అక్కడే.

కానీ “వాట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది” అనుకుంటే డబ్బు వృథా అవుతుంది. చిప్పు వేగం పెంచాలంటే దానికి ఇచ్చే వోల్టేజీ కూడా పెంచాలి. కరెంటు ఖర్చు వేగంతో ఒకసారి, వోల్టేజీతో రెండుసార్లు హెచ్చవుతుంది. వేగం 10 శాతం పెంచడానికి వోల్టేజీ 5 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి: 1.10 × 1.05 × 1.05 = 1.21. పది శాతం వేగానికి ఇరవై ఒక్క శాతం కరెంటు పోయింది. పైకి వెళ్ళేకొద్దీ ఈ బేరం ఇంకా నష్టమవుతుంది. కింది కొసన పరిస్థితి వేరు. చిప్పుకి 45 వాట్లే ఇచ్చారనుకోండి, అందులో మెమొరీ, దాని చుట్టూ ఉన్న సర్క్యూట్లు తమ వాటా ముందే తీసేసుకుంటాయి. కోర్లకి మిగిలేది కొంచెమే. కాబట్టి అక్కడ ఇంకో పది వాట్లు కలిపితే అవి నేరుగా కోర్లకి చేరి వేగం గట్టిగా పెరుగుతుంది.

4060 చిప్పుకి ఇంకో హద్దు కూడా ఉంది. సుమారు 100 వాట్ల దగ్గరికి వచ్చేసరికి దానికి అనుమతించిన గరిష్ఠ వోల్టేజీ అయిపోతుంది. అక్కడినుంచి ఇంకా కరెంటు ఇస్తామన్నా చాలా గేముల్లో అది తీసుకోదు. అందుకే పెట్టె మీద 140 వాట్లని రాసి ఉన్న యంత్రం కూడా ఆటలో 100 దగ్గర తచ్చాడుతూ ఉంటుంది. దాన్ని చూసి యంత్రంలో లోపం ఉందని కంగారు పడనక్కర్లేదు. కొనేటప్పుడు ఇది మీకు పనికొచ్చే సంగతి. 45కీ 85కీ మధ్య తేడాకి డబ్బు పెట్టొచ్చు, 100కీ 140కీ మధ్య తేడాకి పెట్టక్కర్లేదు. నేను చెప్పిన మధ్యదారి ఇదే. 85 నుంచి 105 వాట్ల మధ్య ఉన్న 4060 దొరికితే, దాని ధర మీ రెండింటికీ మధ్యలో ఉంటే, కళ్ళు మూసుకుని దాన్నే చూడండి.

ఇక ఆ అంకె ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. షాపు చీటీ మీద, ఆన్‌లైన్ అమ్మకం పేజీ మీద వెతికితే తరచూ దొరకదు. తయారు చేసిన కంపెనీ సొంత వెబ్‌సైటులో, ఆ మోడల్ పూర్తి నంబరు కొట్టి వెతకాలి. పూర్తి నంబరు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకే సిరీస్ పేరు కింద 45 వాట్లదీ, 100 దాటినదీ రెండూ ఉండొచ్చు. తేడా నంబరు చివరి అక్షరాల్లో మాత్రమే తెలుస్తుంది. ఆ నంబరు పెట్టె పక్కన అతికించిన బార్‌కోడు చీటీ మీదా, ల్యాప్‌టాప్ అడుగునా ఉంటుంది. ఫోనులో ఫొటో తీసుకోండి. వెబ్‌సైటులో గ్రాఫిక్స్ వరస ఈ నాలుగు రకాల్లో ఏదో ఒకలా కనబడుతుంది:

```
RTX 4060 Laptop GPU, 8GB GDDR6
RTX 4060 Laptop GPU, Boost Clock 2370MHz, TGP 140W
RTX 4060 Laptop GPU, 140W: 115W + 25W Dynamic Boost
RTX 4060 Laptop GPU, up to 1470MHz, 45W Maximum Graphics Power
```

మొదటి వరసలో మెమొరీ తప్ప ఏమీ చెప్పలేదు. మంచి అంకె ఉన్నవాళ్ళు దాన్ని దాచుకోరు కాబట్టి, ఇలా రాసినప్పుడు తక్కువ వాట్లే అనుకుని బేరం మొదలుపెట్టడం క్షేమం. రెండో వరస, మూడో వరస చూడ్డానికి వేరుగా ఉన్నా ఒకే సంగతి చెబుతున్నాయి. మూడోది విడగొట్టి చెప్పింది. 115 వాట్లు ఎప్పుడూ అందేవి, 25 వాట్లు ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి ఇటు మళ్ళేవి. ఇక్కడొక తికమక ఉంది. ఒక కంపెనీ 115 అని మాత్రమే వేస్తుంది, ఇంకో కంపెనీ అదే ఏర్పాటుకి 140 అని వేస్తుంది. రెండు ల్యాప్‌టాప్‌లని పోల్చేటప్పుడు డైనమిక్ బూస్ట్ కలిపిన అంకెనా, కలపని అంకెనా అన్నది చూసుకుని, కలిపినదాన్ని కలిపినదానితోనే పోల్చండి. నాలుగో వరస నిజాయితీగా ఉంది, బూస్ట్ కలిపి మొత్తం 45 వాట్లేనని చెప్పేసింది. బయట అట్ట మీద మాత్రం నాలుగింటికీ ఒకే ఆర్‌టీఎక్స్ 4060 బొమ్మ ఉంటుంది.

వాట్లు రాయకుండా మెగాహెర్ట్జ్ మాత్రమే రాసినా దారి దొరికినట్టే. 2370 ఉంటే పై కొసది, 1470కి దగ్గర్లో ఉంటే కింది కొసది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

ఏ అంకే దొరకనప్పుడు కూడా నిజం చెప్పే వస్తువు ఒకటుంది, అది ఛార్జర్. మీరు రాసిన వివరాల్లో నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే. ఛార్జర్ మీది చీటీలో ఔట్‌పుట్ అని రాసి ఉన్న వోల్టులని ఆంపియర్లతో హెచ్చవేస్తే వాట్లు వస్తాయి. 20 వోల్టులు, 6 ఆంపియర్లు ఉంటే 120 వాట్లు. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు ఉంటే 230. గ్రాఫిక్స్ చిప్పు, ప్రాసెసర్, తెర, ఫ్యాన్లు, డిస్కు, అన్నిటికీ ఇందులోంచే సర్దాలి.

మీ మొదటి ల్యాప్‌టాప్ లెక్క వేద్దాం. గేము ఆడుతుంటే ప్రాసెసర్‌కి తక్కువలో తక్కువ 35 నుంచి 45 వాట్లు కావాలి. తెర, ఫ్యాన్లు, మిగతా సామాను కలిపి 20 దాకా అనుకోండి. 120లోంచి ఈ రెండూ తీసేస్తే 55 నుంచి 65 మిగులుతుంది. ఛార్జర్‌ని చివరి వాటు దాకా ఎవరూ వాడించరు, కొంత వెసులుబాటు వదులుతారు. కాబట్టి చిప్పుకి చేరేది 45 నుంచి 60 లోపే. ఈ ఛార్జర్‌తో ఆ ల్యాప్‌టాప్ 100 వాట్ల 4060 కావడానికి వీల్లేదు. రెండోదానిలో 140 గ్రాఫిక్స్‌కి, 45 నుంచి 65 ప్రాసెసర్‌కి, 20 మిగతావాటికి వేస్తే 205 నుంచి 225 అవుతుంది. 230 ఛార్జర్‌లో సరిపోయింది. అంటే అది పూర్తి వాట్లకి కట్టిన యంత్రమేనని నమ్మొచ్చు. అయినా వెబ్‌సైటులో అంకె చూసి ఖాయం చేసుకోండి, ఎందుకంటే పెద్ద ఛార్జర్ ఇచ్చి లోపల హద్దు తక్కువ పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. చిన్న ఛార్జర్ ఉంటే వాట్లు ఎక్కువ ఉండవని గట్టిగా చెప్పొచ్చు. పెద్ద ఛార్జర్ ఉంది కదా అని ఎక్కువ ఉన్నాయని మాత్రం చెప్పలేం.

ఇక మన ఊళ్ళకి ప్రత్యేకంగా పట్టించుకోవలసింది వేడి. వాట్లన్నీ చివరికి వేడిగానే బయటికి పోవాలి. షాపులో ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది. అక్కడ గేము నడిపి చూపించి, చిప్పు 78 డిగ్రీల దగ్గర ఉంది చూడండి అంటారు. మే నెలలో, రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు ఉందనుకోండి. గది ఎంత వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. 78కి ఆ 14 కలిపితే 92. ఈ ల్యాప్‌టాప్ చిప్పులు మామూలుగా 87 డిగ్రీల దగ్గరే తమంతట తామే వాట్లు తగ్గించుకుంటాయి. షాపులో 100 వాట్లు నడిచిన యంత్రం ఇంట్లో పావుగంటకే 75కి, 70కి దిగొచ్చు. అందుకని సన్నటి ల్యాప్‌టాప్‌లో పెద్ద వాట్ల అంకె కనబడినా సంబరపడకండి. రెండు పెద్ద ఫ్యాన్లు, అడుగున గాలి పీల్చుకునే జాలీ, వెనకా పక్కలా గాలి వదిలే సందులు ఉన్నదే మన వేసవికి నిలుస్తుంది. రెండోది బరువు ఎక్కువని రాశారు. ఆ బరువులో చాలా భాగం రాగి గొట్టాలూ, ఫ్యాన్లూ, వేడి చల్లార్చే రెక్కలే. అబ్బాయి దాన్ని పరుపు మీదో, దిండు మీదో పెట్టి ఆడితే అడుగు జాలీ మూసుకుపోయి ఆ బరువంతా వృథా అవుతుంది. బల్ల మీద, వెనక వైపు ఓ అంగుళం ఎత్తు పెట్టి వాడమనండి.

కొన్నాక మొదటి రోజే పరీక్ష చేయాలి. బిల్లు మీద ఉన్న గడువులోపు తేల్చుకుంటేనే మాట చెల్లుతుంది. ముందు కంపెనీ ఇచ్చిన ఛార్జరే పెట్టండి. కంపెనీ సొంత ప్రోగ్రామ్ తెరిచి, మోడ్‌ని Performance లేదా Turbo అని ఉన్నదానికి మార్చండి. ఇది మరిచిపోయి, వాట్లు రావడం లేదని షాపుకి పరుగెత్తేవాళ్ళు చాలామంది. Balanced, Silent మోడ్‌లలో హద్దుని కావాలనే తగ్గిస్తారు. తరవాత NVIDIA Control Panel తెరిచి, ఎడమ పక్క అడుగున System Information నొక్కితే, Maximum Graphics Power అన్న వరసలో వాట్లు కనబడతాయి. డైనమిక్ బూస్ట్ కలిపిన మొత్తం అది. వెబ్‌సైటులో ఉన్న అంకెతో ఇది కలవాలి.

అది కాగితం మీది హద్దు. నిజంగా అంతా అందుతోందా అన్నది నడిపి చూడాలి. ఏదైనా బరువైన గేముని, లేదా బ్లెండర్‌లో పెద్ద రెండర్‌ని మొదలుపెట్టి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టమనండి:

```
nvidia-smi --query-gpu=power.draw,clocks.gr,temperature.gpu,utilization.gpu --format=csv -l 5
```

అయిదు సెకన్లకోసారి నాలుగు అంకెలు ఒక వరసగా వస్తాయి: వాట్లు, వేగం, వేడి, చిప్పు ఎంత శాతం పనిలో ఉందన్నది. ఇరవై నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్లు, రాగి పూర్తిగా వేడెక్కడానికి అంత టైము పడుతుంది, మొదటి రెండు నిమిషాల అంకెలు నమ్మడానికి లేదు. ఎలా చదవాలో తెలియడానికి మూడు వరసలు ఊహించి రాస్తున్నాను:

```
44.87 W, 1755 MHz, 66, 99 %
97.52 W, 2475 MHz, 76, 98 %
71.10 W, 2130 MHz, 87, 98 %
```

మొదటి వరసలో చిప్పు పూర్తి పనిలో ఉంది, వేడి 66 డిగ్రీలే, అయినా 45 వాట్లు దాటడం లేదు. దాన్ని ఆపుతున్నది వేడి కాదు, తయారీదారు పెట్టిన హద్దు. కూలింగ్ ప్యాడ్లు కొన్నా ఇందులో మార్పు రాదు. రెండో వరస ఆరోగ్యంగా ఉన్న యంత్రం. మూడోది అదే యంత్రం వేడి గదిలో ఉన్నప్పటి స్థితి. 87 దగ్గరికి చేరి వాట్లు దింపుకుంది. దీనికి మాత్రం ఎత్తు పెట్టడం, ఫ్యాను గాలి తగిలేలా చేయడం, ఏడాదికోసారి లోపలి దుమ్ము తీయించడం పనికొస్తాయి. నాలుగో అంకె 60 శాతమో 70 శాతమో ఉంటే, వాట్లు తక్కువగా కనబడినా తప్పు గ్రాఫిక్స్ చిప్పుది కాదు. ప్రాసెసర్ పని అందించలేకపోతోంది, లేదా గేములోనే ఫ్రేములకి పరిమితి పెట్టి ఉంది. వాలరెంట్ లాంటి తేలిక గేముల్లో ఇది మామూలే. అలాంటి గేములే ఆడేవాళ్ళకైతే మొదటి ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

ఆపుతున్నది ఏమిటో సూటిగా తెలుసుకోవాలంటే, గేము నడుస్తుండగా ఇంకో విండోలో ఇది కొట్టాలి:

```
nvidia-smi -q -d PERFORMANCE
```

SW Power Cap ఎదురుగా Active అని ఉంటే వాట్ల హద్దు ఆపుతోంది. SW Thermal Slowdown ఎదురుగా ఉంటే వేడి ఆపుతోంది. షాపువాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ తెర ఫొటో ఉంటే వాదన తేలిగ్గా తెగుతుంది.

అబ్బాయికి రెండు సంగతులు చెప్పి ఉంచండి. కరెంటు పోయి బ్యాటరీ మీదకి మారగానే చిప్పు వాట్లు బాగా పడిపోతాయి, బ్యాటరీ అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. అది ఏ కంపెనీ యంత్రంలోనైనా అంతే. టైప్-సి ఛార్జర్ పెట్టినా అదే పరిస్థితి, అది క్లాసులో నోట్సు రాసుకోవడానికి సరిపోతుంది కానీ రెండరింగ్‌కి చాలదు. ఇంట్లో ఇన్వర్టర్ మీద 230 వాట్ల ఛార్జర్ నడపాలనుకుంటే, అది సైన్ వేవ్ ఇన్వర్టర్ అవునో కాదో చూసుకోండి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇలాంటి పెద్ద ఛార్జర్లు నడపకపోవడం మంచిది. రెండో సంగతి, ఛార్జర్ పెట్టి ఉండగానే గేములో బ్యాటరీ శాతం మెల్లగా తగ్గుతూ ఉంటే, ఆ ఛార్జర్ యంత్రానికి చాలడం లేదని అర్థం.

బడ్జెట్ 82 వేలు దాటకూడదనుకుంటే ఇంకొకటి ఆలోచించండి. ఆర్‌టీఎక్స్ 4050 పేరులో చిన్నది. దాని కోర్లు 2560. కానీ పూర్తి వాట్లిచ్చి 2370 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపితే, పైన వేసిన లెక్క ప్రకారమే 12 లక్షల కోట్లు వస్తుంది. కరెంటు అందని 4060 కింది కొసన 9 లక్షల కోట్ల దగ్గర ఉంది. అంటే కడుపునిండిన 4050, పస్తున్న 4060 కన్నా చాలా గేముల్లో ముందుండగలదు. మీ అబ్బాయి విషయంలో దీనికి ఒక పెద్ద అడ్డు ఉంది. 4050కి మెమొరీ 6 జీబీయే. బ్లెండర్‌లో సీను పెద్దదై ఆ 6 జీబీలో పట్టకపోతే వేగం మాట అటుంచి, రెండర్ బాగా నెమ్మదించడమో, మధ్యలో ఆగిపోవడమో జరుగుతుంది. గేములకి మాత్రమే అయితే 4050 తీసుకోమనేవాణ్ణి. బ్లెండర్ ఉంది కాబట్టి 8 జీబీ వదులుకోవద్దంటాను.

కాబట్టి నా వరస ఇది. మొదట 85 నుంచి 105 వాట్ల 4060, 90 వేల చుట్టుపక్కల ఉందేమో రాజమండ్రిలోనూ కాకినాడలోనూ అడగండి. షాపులో అడిగేటప్పుడు “4060 ఉందా” అనకుండా, “బూస్ట్ కలిపి ఎన్ని వాట్ల 4060, ఛార్జర్ ఎన్ని వాట్లు, మోడల్ పూర్తి నంబరు ఎంత” అని అడగండి. దొరక్కపోతే లక్షా 4 వేలది తీసుకోండి. మీరు ఆ 22 వేలు పెడుతున్నది చివరి 40 వాట్లకి కాదు, మొదటి ల్యాప్‌టాప్‌లో లేని మధ్యలోని 50 వాట్లకీ, అవి వేసవిలో కూడా నిలబడేలా చేసే ఫ్యాన్లకీ. మొదటిది తక్కువ వాట్లదని వెబ్‌సైటులో తేలితే, తిరిగే పనున్న వాళ్ళకి అది మంచి యంత్రమే కానీ మీ అబ్బాయికి కాదు. ఏది కొన్నా బిల్లు మీద “ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్” అని మాత్రమే కాకుండా పూర్తి మోడల్ నంబరు రాయించుకుని, పెట్టె మీది చీటీతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.